ఆదివారం తూకం

పిన్నికి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. గరిట పెట్టిన చోట లేకపోయినా వస్తుంది, ఉప్పు డబ్బా మూత వదులుగా ఉన్నా వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా పెద్దాసుపత్రి డైట్ కిచెన్‌లో హెడ్ వంటమనిషిగా నెగ్గుకొచ్చిందంటే, ఆ కోపానికి కూడా అందులో సగం వాటా ఉంది. ఏ వార్డుకి ఎన్ని గరిటెల పప్పు, ఏ మంచానికి ఉప్పు లేకుండా, ఏ మంచానికి మెత్తగా అన్నది ఆమెకు కాగితం చూడకుండానే తెలుసు. మనుషులు తిండి మానేస్తే ఏమవుతారో కూడా ఆమెకు కాగితం చూడకుండానే తెలుసు.

అలాంటి మనిషి ఇంట్లో, ఆమె కళ్ళెదురుగానే, అక్క కూతురు రాత్రిళ్ళు అర కప్పు పెరుగు నాకి లేస్తోంది.

ఆ పిల్లని ఇంట్లో అందరూ మిడత అంటారు. చిన్నప్పుడు గోడలెక్కి గెంతేది కాబట్టి ఆ పేరు నిలిచింది. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. పగలు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది, సాయంత్రం కసరత్తు బార్లకు వేలాడుతుంది. అగ్నిమాపక శాఖలో చేరాలని దాని కోరిక. రాతపరీక్ష అయిపోయింది, పాసయింది. మిగిలింది దేహదారుఢ్య పరీక్ష. ఆడైనా మగైనా పది పులప్స్ తీయాలి, అంటే బార్‌కి వేలాడి, గడ్డం దాన్ని దాటేలా పదిసార్లు ఒంటిని పైకి లేపాలి, ఒక్కటి తక్కువైనా ఇంటికే. వయోపరిమితి ప్రకారం దానికి ఇదే ఆఖరి ఏడాది. పరీక్షకు ఇంకా పన్నెండు వారాలుంది.

"రెండు నెలల కిందట ఏడు తీసేదాన్ని పిన్నీ," అంది ఒక రోజు, మోచేతికి నొప్పి మందు రాసుకుంటూ. "ఇప్పుడు ఐదు."

"బరువెంత తగ్గావు?"

"దాదాపు మూడు కిలోలు. నలభై ఎనిమిదీ ఎనిమిది వందలు. మాస్టారు నలభై ఏడుకి రమ్మన్నారు."

పిన్ని చేతిలో గిన్నె అక్కడే ఆగిపోయింది. మూడు కిలోలు తగ్గింది, రెండు పులప్స్ తగ్గాయి, అయినా ఇంకా తగ్గమంటున్నాడు! ఏ బడిలో చదివాడీ లెక్కలు?

మాస్టారంటే టైర్ల గోడౌన్ వెనక ఖాళీ స్థలంలో ఇనుప పైపులు పాతి యార్డు నడిపే ఆయన. క్యాలిస్థెనిక్స్ అంటారట దాన్ని, అంటే మన ఒంటి బరువే మనకు డంబెల్ అన్నమాట. అందులో తప్పేం లేదు. ఆయన పదిమందిని ఉద్యోగాలకు పంపిన మాటా నిజమే. కానీ ఆ యార్డుకో ఆచారం ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటికి అందరూ వరసగా తూకం మిషను ఎక్కాలి. పోయినవారం కన్నా అర కిలో పెరిగినవాళ్ళు ఆ రోజు బార్ ముట్టుకోకూడదు. బెంచీ మీద కూర్చుని మిగతావాళ్ళ పులప్స్ లెక్కపెట్టాలి. మాస్టారు వాళ్ళని 'బస్తాలు' అంటాడు. నవ్వుతూనే అంటాడు, అందరూ నవ్వుతారు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అందరికన్నా గట్టిగా నవ్వాలి.

"ఆయన చేతిలో మొదట బాగుపడింది ఎవరే?" అని పిన్ని అడిగింది.

"ఎనభై అయిదు కిలోల ఆయనొకడు. పద్దెనిమిది కిలోలు తగ్గి పన్నెండు తీశాడు."

"వాడికి దింపుకోడానికి పద్దెనిమిది కిలోల కొవ్వుంది. నీ దగ్గరేముంది దింపుకోడానికి, ఎముకలా?"

మిడత నవ్వలేదు. రెండు నెలలుగా నెలసరి రాలేదని గోడవైపు చూస్తూ చెప్పింది. అది మంచిదేనట, ఒళ్ళు గట్టిపడుతోందనడానికి గుర్తట. ఎవరన్నారే ఆ మాట అంటే, యార్డులో అందరూ అనుకునేదేనట.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో పిన్నికి ఆ క్షణాన తెలిసింది. పొయ్యిలో కట్టె లేక నిప్పు ఆరిపోతుంటే, వంటిల్లు చల్లబడింది, ఎంత హాయి అని సంబరపడే మూర్ఖులు కూడా ఉంటారన్నమాట లోకంలో.

కోపంలో మనిషి చేసే పని సగం తప్పే అవుతుంది. పిన్నీ తప్పే చేసింది, అదీ ఆమె వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. మర్నాడు కిచెన్ గోడకు తగిలించిన షీట్లలోంచి కాలిన గాయాల వార్డు షీటు తీసి సంచిలో పెట్టుకుంది. ఆసుపత్రిలో అంతకన్నా బలమైన తిండి లేదు. చర్మం మళ్ళీ పుట్టాల్సినవాళ్ళకి పెట్టే తిండి అది, రోజుకి మామూలు మనిషి తినేదానికి ఒకటిన్నర రెట్లు. చచ్చేవాళ్ళని లేపి కూర్చోబెట్టే తిండి, మిడతని పదిసార్లు పైకి లేపలేదా?

మిడతకి కాదనే ఓపిక కూడా లేదు. పన్నెండు రోజులు తింది. పొద్దున్న నాలుగు గుడ్లు, వెన్న పూసిన రొట్టెలు, పదకొండింటికి చక్కెర పాలు, మధ్యాహ్నం నెయ్యి తేలే పప్పన్నం, సాయంత్రం వేరుశనగలు, రాత్రి కోడికూర, పడుకోబోయే ముందు మళ్ళీ పాలు. పిన్ని పక్కనే నిలబడి, గిన్నె అడుగు కనబడేదాకా కదిలేది కాదు. పదమూడో రోజు ఆదివారం. తూకంలో యాభై కిలోల ఆరువందలు వచ్చింది.

మిడతని ఆ రోజు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నీకు నా మీద ప్రేముంటే నన్ను వదిలేయ్ పిన్నీ," అంది. "ఒళ్ళు తేలిక కాలేదు, పొట్ట బరువైంది. నిన్న పరిగెత్తితే ఆయాసం. నువ్వూ నన్ను బస్తానే చేశావు."

పిన్ని ఆ వార్డు షీటు తీసి నాలుగు మడతలు పెట్టింది.

మర్నాడు ఆమె షీటు తీసుకుని ఆసుపత్రి డైటీషియన్ గదికి వెళ్ళి, మిడత సంగతంతా చెప్పింది. డైటీషియన్‌ది పిన్నికి కూతురయ్యే వయసు. పిన్ని ఆమెని మేడం అంటుంది, ఆమె పిన్నిని పిన్నిగారూ అంటుంది. ఇద్దరికీ అదే సౌకర్యంగా ఉంది.

డైటీషియన్ షీటు చూసి నోరు తెరిచింది. "పిన్నిగారూ, ఇది కాలిన గాయాల వార్డుది. మీ అమ్మాయి కాలలేదు కదా!"

"దాని సంగతి చూసి నేను కాలిపోతున్నాను మేడం. అదీ సరిపోదా?"

డైటీషియన్ నవ్వు ఆపుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని విడమరిచి చెప్పింది. పన్నెండు రోజుల్లో వచ్చిన రెండు కిలోలూ కొవ్వు కాదట. ఎండిపోయిన కండల్లో పిండిపదార్థం, దాంతో పాటు నీళ్ళు తిరిగి చేరాయట, పేగుల్లో తిండి బరువు కొంతట. కానీ ఇదే లెక్కన పెడుతూ పోతే ఆపైన వచ్చేదంతా కొవ్వే. కండ రోజుకి ఇంతే అని నెమ్మదిగా కడుతుంది, తొందరపెడితే కట్టదు. ఆ పిల్లకి కావాల్సింది ఆకలి కాదు, విందూ కాదు. ఖర్చయినంత తినాలి, దానిమీద ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు అంత ఎక్కువ.

"మాంసకృత్తులు మాత్రం రోజుకి ఎనభై నుంచి తొంభై గ్రాములు పడాలి, ఆమె బరువుకి. ఒకేసారి కుక్కితే లాభం లేదు. నాలుగు పూటలకి పంచండి. ఎక్సర్‌సైజుకి గంటన్నర ముందు రొట్టో అన్నమో, పండో. ఖాళీ కడుపుతో బార్ ఎక్కకూడదు. అయ్యాక మామూలు భోజనం, అన్నం మానక్కర్లేదు."

"పౌడర్ డబ్బాలు?"

"మీ వంట ఉండగా డబ్బా ఎందుకండీ? అన్నిటికన్నా ముందు ఆమెని డాక్టరుకి చూపించండి. నెలసరి ఆగడం గట్టిపడ్డం కాదు, ఒంటికి తిండి చాలక ఆ పని పక్కన పెట్టింది. అలాగే వదిలేస్తే ఎముకలు పాడవుతాయి. రక్తం కూడా చూడాలి."

"మరి బరువు? పెరగకూడదంటుంది మేడం అది."

"రెండు నెలల్లో ఇంకో అర కిలో, కిలో పెరగొచ్చు. పెరగనీండి. బలం అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది."

పిన్ని ఇంటికొచ్చి మిడతకి అన్నీ చెప్పింది. అన్నిటికన్నా కష్టమైన మాట చివర చెప్పింది. "తప్పు నాదే తల్లీ. నా కోపానికి నీ కడుపులో చోటడిగాను."

మిడత డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలిచ్చారు. ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. పొద్దున్న రెండు గుడ్లు, రొట్టె, గ్లాసు పాలు. మధ్యాహ్నం చిక్కటి పప్పన్నం, పెరుగు. నాలుగున్నరకి షాపులోనే అరటిపండు, రొట్టె. యార్డు నుంచి రాగానే అన్నం, అరచేతంత చేపో కోడో. పడుకునే ముందు పాలు. పిన్ని చిన్న త్రాసు పెట్టి తూచేది. తినమని మాత్రం ఒత్తిడి చేసేది కాదు, వడ్డించి పక్కకి వెళ్ళేది. ఆ పక్కకి వెళ్ళడం ఆమె జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

నాలుగు వారాలకి పిల్ల మొహంలో నెత్తురు కనబడింది. మోచేయి నొప్పి తగ్గింది. నెలసరి వచ్చింది, ఆ రోజు పిన్ని ఎవరికీ చెప్పకుండా దేవుడికి దీపం పెట్టింది. బుధవారం యార్డు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "తొమ్మిది పిన్నీ! తొమ్మిది!" అంది మిడత.

తీరా ఆదివారం వచ్చేసరికి ఆరు.

ఆ తర్వాతి బుధవారం మళ్ళీ తొమ్మిది. ఆదివారం మళ్ళీ ఆరు. మాస్టారి పుస్తకంలో ఆదివారం అంకెలే ఎక్కుతాయి. ఆయన ఆ ఆరు చూసి, "చెప్పానా? నలభై ఏడుకి రాకపోతే ఇంతే," అన్నాడట.

పిన్ని ఆలోచనలో పడింది. అదే బియ్యం, అదే గిన్నె. ఒక రోజు ఉడికి ఒక రోజు ఉడకలేదంటే బియ్యాన్ని కాదు, పొయ్యిని చూడాలి. శనివారం రాత్రి మిడత "గాలికి తింటాను" అని కంచం పట్టుకుని మేడ మీదికి పోయి, పావుగంటలో ఖాళీ కంచంతో దిగింది. మంచినీళ్ళు ఇస్తే వద్దంది. పిన్ని మేడెక్కింది. నీళ్ళ ట్యాంకు వెనక, పాత పేపర్లో చుట్టి, అన్నం, చేప ముక్కతో సహా అలాగే ఉంది.

పిన్ని ఆ పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. అరవలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

మిడత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత చెప్పింది. శనివారం మధ్యాహ్నం నుంచి తిండి లేదు, నీళ్ళు లేవు. అలా చేస్తే పొద్దున్న కిలో దాకా తగ్గి కనబడుతుంది. బెంచీ తప్పుతుంది. యార్డులో చాలామంది చేసేదే.

"అంటే వారమంతా కట్టిన బలాన్ని శనివారం ఎండగట్టి, ఆదివారం ఎండిపోయిన చేతులతో పరీక్ష రాస్తున్నావు. ఆ మార్కులు చూసి ఆయన ఇంకా ఎండమంటున్నాడు. నువ్వు ఎండుతున్నావు. ఇదేం చదువే?"

"పరీక్షకి మూడు వారాలుంది పిన్నీ. బెంచీ మీద కూర్చుంటే ఒక రోజు పోతుంది."

"బెంచీ మీద కూర్చుంటే ఒక రోజు పోతుంది. ఇలా చేస్తే ఉద్యోగమే పోతుంది."

మిడత బల్లమీది పొట్లం వైపు చూసింది. తర్వాత లేచి, వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో మిగిలిన అన్నం తనే పెట్టుకుని తింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. "రేపు నువ్వూ రా," అంది.

ఆదివారం పొద్దున్న యార్డులో ఇరవై మంది దాకా ఉన్నారు. బెంచీ మీద అప్పటికే ఇద్దరు కూర్చున్నారు. అందులో ఒకామె కొరియర్ ఆఫీసులో పార్శిళ్ళు మోసే ఆవిడ, ముప్ఫై దగ్గర పడిన మనిషి. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఆమెది వేరే ఉద్యోగం, పరీక్ష వచ్చే ఏడాది. మాస్టారు చేతిలో పుస్తకంతో తూకం పక్కన నిలబడ్డాడు. కండలు తిరిగిన మనిషి, మాట మెత్తన.

మిడత వంతు వచ్చింది. అది మిషను పక్కనుంచి నడిచి వెళ్ళి బార్ కింద నిలబడింది.

"ముందు తూకం," అన్నాడు మాస్టారు.

"ఇవాళ వద్దు సార్. ముందు పులప్స్ లెక్కపెట్టండి. బరువు తర్వాత చూసుకోండి."

"రూలు అందరికీ ఒకటే. తూకం ఎక్కనివాళ్ళు నా బార్ ముట్టుకోవద్దు."

"సార్, బుధవారం తొమ్మిది తీశాను. మీ పుస్తకంలో లేదు. తిని వచ్చిన రోజు తొమ్మిది, మాని వచ్చిన రోజు ఆరు. రెండు వారాలు వరసగా."

"బుధవారం లెక్క కాదమ్మా. ఎవరైనా ఆదివారమే నిలబడాలి. నా దగ్గర పదిమంది ఇలాగే పాసయ్యారు."

పిన్ని అంతవరకు నోటికి తాళం వేసుకుంది. ఆ తాళం అక్కడ ఊడింది.

"పాసయిన పదిమంది పేర్లు గేటు మీద రాసుకున్నారు మాస్టారూ. పడిపోయినవాళ్ళ పేర్లు ఎక్కడ రాశారు? వాళ్ళు ఎంతమంది?"

"మీరు ఎవరండీ?"

"ఇది తినే అన్నం వండేదాన్ని. నేను ఆసుపత్రిలో మూడు వందల మందికి వండుతాను. ఎవరికి తగ్గించాలో, ఎవరికి పెంచాలో మనిషిని చూసి చేస్తాం. ఎనభై అయిదు కిలోల వాడికీ, యాభై కిలోల దానికీ ఒకే మాట చెప్పి దాన్ని రూలంటారా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు ఉంది నీ వరస! దీనికి నెలసరి ఆగిపోతే అది బలమని ఇక్కడ చెప్పుకుంటున్నారు. నీ యార్డులో పుట్టిన మాటే కదా అది. ఏనాడన్నా తప్పని చెప్పావా?"

మీరు కాస్తా నువ్వయింది. మాస్టారి మొహం ఎర్రబడింది. ఆడవాళ్ళ విషయాలు తను మాట్లాడనన్నాడు. మిడత వైపు తిరిగి, "నీ ఇష్టం. తూకం ఎక్కు, లేకపోతే గేటు అటుంది," అన్నాడు.

మిడత చేతులకున్న సుద్దపొడి దులుపుకుని గేటువైపు నడిచింది. ఊళ్ళో ఇంకో యార్డు లేదు. ఆ సంగతి దానికి తెలుసు, పిన్నికీ తెలుసు.

డైట్ కిచెన్ వెనక సరుకులు దించే చోట, తలుపు పైన అడ్డంగా లావుపాటి ఇనుప పైపు ఒకటుంది. మెయింటెనెన్స్ ఆయన నిచ్చెన వేసుకుని వెల్డింగులు పరీక్షించి, తను రెండుసార్లు వేలాడి చూసి, "ఏనుగు వేలాడినా ఊడదు," అని హామీ ఇచ్చాడు. సాయంత్రం సరుకు బండ్లు వెళ్ళాక మిడత అక్కడ పులప్స్ తీసేది. ఆఖరి వారం సాధన తగ్గించింది, తిండి తగ్గించలేదు. బరువు వారానికి రెండుసార్లు పొద్దున్నే ఇంట్లో చూసుకునేది. కాస్త అటూ ఇటూ అయినా మొహం మాడ్చుకోవడం మానేసింది.

పరీక్ష రోజు పొద్దున్న పిన్నికి ఇంకో రెండు గుడ్లు ఎక్కువ పెట్టాలని చేతులు పీకాయి. పెట్టలేదు. రొట్టె, ఒక గుడ్డు, అరటిపండు, నీళ్ళు. రెండు గంటల ముందే తినిపించి పంపింది.

మైదానం కంచె అవతల నిలబడి లెక్కపెట్టింది. ఏడు దాకా సులువుగా పోయింది. ఎనిమిదికి కాళ్ళు వణికాయి. తొమ్మిది. పదోసారి గడ్డం పైపు దాటినప్పుడు పరీక్షకుడు "టెన్" అని అరిచాడు. మిడత దిగకుండా పదకొండోదానికి కూడా పోయి, సగంలో వేలాడి, నవ్వుతూ కిందపడింది. రికార్డులో బరువు యాభై కిలోల ఎనిమిది వందలు. పిన్ని కంచె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పక్కన ఎవరో మంచినీళ్ళ సీసా ఇస్తే, దాన్ని కూడా తిట్టి తాగింది.

కథ అక్కడితో అయిపోతే పిన్నికి కోపం చల్లారేది.

వారం తర్వాత గోడౌన్ గోడకి ఫ్లెక్సీ వెలిసింది. మిడత ఫొటో, పాతది, దవడలు లోపలికి పోయి ఉన్న రోజుల్లోది. కింద పెద్ద అక్షరాలు: 'మా యార్డు విజయం. 48 కిలోలు. 10 పులప్స్. రాత్రి భోజనం మానగలిగితే మీరూ సాధించగలరు.'

పిన్ని ఉడికిపోతూ కత్తిపీట తెస్తానంది. మిడత ఆపింది. షాపు నుంచి అద్దాల మీద గుర్తులు పెట్టే నల్ల మార్కరు తెచ్చుకుని, ఇంకా వెలుతురుండగానే, అందరూ చూస్తుండగా, తన మొహం మీదే అడ్డంగా రాసింది. 'అబద్ధం. 50.8 కిలోలు. ముందు రాత్రి కడుపునిండా తిన్నాను. మీరూ తినండి.' కింద తన ఫోన్ నంబరు వేసింది.

మాస్టారు గేటు దాకా వచ్చి, చదివి, లోపలికి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర గుమిగూడినవాళ్ళలో కొరియర్ ఆవిడ ఉంది. సంచి భుజానికుంది, శనివారం సాయంత్రం, పెదాలు అలాగే ఎండి ఉన్నాయి. రాసింది రెండుసార్లు చదివింది. తర్వాత పిన్ని దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అయితే అమ్మగారూ, ఇవాళ రాత్రి నేను తినొచ్చా?"

పిన్ని దగ్గర తిట్లకి ఎప్పుడూ కొదవ లేదు. మాస్టారి కోసం దాచుకున్నవి బోలెడున్నాయి. రోజంతా పార్శిళ్ళు మోసే మనిషి, ముప్ఫై ఏళ్ళ మనిషి, తన చేతి కష్టంతో కొనుక్కున్న అన్నం తినడానికి దారిన పోయే దాన్ని సెలవడుగుతోంది. ఆ తిట్లలో ఒక్కటీ దీనికి సరిపోలేదు. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"మా ఇల్లు రెండు వీధుల అవతల," అంది. "నడు."